ఉప్పు, నీరు, స్వాతంత్ర్య సంఖ్య: ప్రావస్థా నియమం చేసే లెక్క

సమతాస్థితికి చేరిన ఏ మిశ్రమంలోనైనా ఉష్ణోగ్రత, పీడనం, గాఢత వంటి రాశులు ఉంటాయి. వీటిలో ఎన్నింటిని మనం కోరుకున్న విలువ దగ్గర నిలపగలం, ఎన్ని మన ప్రమేయం లేకుండా వాటంతట అవే స్థిరపడిపోతాయి అన్నది లెక్కగట్టి చెప్పేదే ప్రావస్థా నియమం. మిశ్రమాన్ని కదలించకుండా, ఏ పరికరం వాడకుండా, కేవలం కూడికలు తీసివేతలతో ఈ జవాబు దొరుకుతుంది. నియమం మొత్తం ఒక్క వరుసలో ఇమిడిపోతుంది:

F = C − P + 2

ఇందులో C అనుఘటకాల సంఖ్య, P ప్రావస్థల సంఖ్య. F అంటే స్వాతంత్ర్య సంఖ్య, అంటే ఉన్న ప్రావస్థల్లో ఏదీ మాయం కాకుండా, కొత్తది పుట్టకుండా మనం విడివిడిగా మార్చగల రాశుల సంఖ్య. చివరి 2 ఉష్ణోగ్రతకు, పీడనానికి చెందినది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోసయా విలార్డ్ గిబ్స్ 1875–1878 మధ్య కనెక్టికట్ అకాడమీ పత్రికలో వెలువరించిన సుదీర్ఘ వ్యాసంలో దీన్ని నిరూపించాడు. ఆ వ్యాసం నిండా గణితమే కావడంతో రసాయన శాస్త్రజ్ఞులు చాలాకాలం దాని జోలికి పోలేదు. డచ్ శాస్త్రజ్ఞుడు బాఖూయిస్ రోజెబోమ్ దీన్ని ప్రయోగశాలలోని లవణాలకూ ద్రావణాలకూ వర్తింపజేసి చూపాకే అది అందరి చేతి పనిముట్టు అయింది.

సూత్రం చూడటానికి సులువే. చిక్కంతా C, P లను సరిగా లెక్కపెట్టడంలో ఉంది. ఉప్పు, నీరు అనే రెండే పదార్థాలను పట్టుకుని వెళ్తే ఆ చిక్కులు దాదాపు అన్నీ ఎదురవుతాయి.

ప్రావస్థ అంటే ఏమిటి, అనుఘటకం అంటే ఏమిటి

లోపల అంతటా ఒకే రకమైన గుణాలు ఉండి, పక్కదానితో స్పష్టమైన సరిహద్దు ఉన్న భాగం ప్రావస్థ. ఉప్పునీటి ద్రావణం ఒక ప్రావస్థ. దాని అడుగున పేరుకున్న ఉప్పు స్ఫటికాలు మరొకటి. అవి వెయ్యి పలుకులుగా విడిపోయి ఉన్నా ప్రావస్థ మాత్రం ఒక్కటే, ఎందుకంటే ప్రతి పలుకులోనూ ఉన్నది అదే పదార్థం, అదే రూపంలో. మంచు ముక్కల సంగతీ అంతే. వాయువులు ఎన్ని ఉన్నా పూర్తిగా కలిసిపోతాయి కాబట్టి అన్నీ కలిపి ఒక్క ప్రావస్థే. ద్రవాలు కలవకపోతే, నూనె, నీరు లాగా, ఎన్ని పొరలుంటే అన్ని ప్రావస్థలు. ఘనపదార్థాలు మాత్రం ఒకదానిలో ఒకటి కరిగి ఘనద్రావణం కాకపోతే ఎన్ని రకాలుంటే అన్ని ప్రావస్థలు అవుతాయి.

అనుఘటకాల లెక్క ఇంకాస్త సూక్ష్మమైనది. వ్యవస్థలో ఉన్న ప్రతి ప్రావస్థ సంఘటనాన్నీ రాసి చూపడానికి కనీసం ఎన్ని పదార్థాలు చాలునో అదే C. పాత్రలో కనిపించే పేర్లన్నీ అనుఘటకాలు కావు. ఉప్పునీటిలో సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు, నీటి అణువులు, వాటితోపాటు నీరు విడిపోగా వచ్చిన కాసిని హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. మొత్తం ఐదు రకాలు. అయినా C విలువ ఐదు కాదు. నీరు రెండు అయాన్లుగా విడిపోయే చర్య సమతాస్థితిలో ఉంది కాబట్టి ఒకటి తగ్గుతుంది. ద్రావణంలో ధనావేశం, ఋణావేశం సమానంగా ఉండాలి కాబట్టి మరొకటి తగ్గుతుంది. వేసినది ఉప్పు మాత్రమే కాబట్టి సోడియం ఎంతో క్లోరైడ్ అంతే ఉండాలి, దానివల్ల ఇంకొకటి తగ్గుతుంది. మిగిలినవి రెండు. ఉప్పు, నీరు అని మామూలు చూపుతో లెక్కపెట్టినా వచ్చేది రెండే.

ఈ దారినే సూత్రంగా చెప్పవచ్చు: రసాయన రకాల సంఖ్యలోంచి స్వతంత్రమైన చర్యల సంఖ్యను, ఆపైన ఒకే ప్రావస్థలో గాఢతల మధ్య ఉన్న అదనపు షరతుల సంఖ్యను తీసివేస్తే C వస్తుంది. లోపల ఉన్న రకాలను ఎంత వివరంగా విడదీసినా, దానికి తగ్గట్టు షరతులూ పెరుగుతాయి కాబట్టి చివరి అంకె మారదు. మారిందంటే ఎక్కడో ఒక షరతు లెక్కలోంచి జారిపోయిందన్నమాట.

సూత్రం ఎక్కడినుంచి వచ్చింది

నియమం వెనుక ఉన్న ఊహ బీజగణితంలో అందరూ చదివినదే: తెలియని రాశులు ఎన్ని, వాటిని కట్టిపడేసే సమీకరణాలు ఎన్ని, ఆ రెంటి తేడా ఎంత. ఒక ప్రావస్థలో C అనుఘటకాలు ఉంటే వాటి భాగాల మొత్తం ఒకటి కావాలి కాబట్టి, C − 1 భాగాలు చెబితే చివరిది దానంతట అదే తెలుస్తుంది. P ప్రావస్థలకు ఇలాంటివి P(C − 1). వీటికి ఉష్ణోగ్రత, పీడనం కలిపితే తెలియని రాశులు మొత్తం P(C − 1) + 2.

ఇక సమీకరణాలు. ప్రతి అనుఘటకానికీ రసాయనిక పొటెన్షియల్ అనే రాశి ఉంటుంది. ఆ పదార్థం ఒక ప్రావస్థలోంచి మరోదానిలోకి వెళ్లే మొగ్గును అది కొలుస్తుంది. సమతాస్థితిలో ఎటూ మొగ్గు ఉండదు కాబట్టి ఒక అనుఘటకం రసాయనిక పొటెన్షియల్ అన్ని ప్రావస్థల్లోనూ సమానంగా ఉండాలి. P ప్రావస్థల మధ్య ఈ సమానత్వాన్ని చెప్పడానికి P − 1 సమీకరణాలు చాలు. C అనుఘటకాలకు C(P − 1). మొదటి మొత్తంలోంచి దీన్ని తీసివేస్తే C − P + 2 మిగులుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. ఉప్పు మంచులోకి వెళ్లదు, ఆవిరిలోకీ వెళ్లదు. మరి ప్రతి ప్రావస్థలోనూ ప్రతి అనుఘటకం ఉన్నట్టు లెక్కవేయడం సరేనా? సరే. ఒక ప్రావస్థలో ఒక అనుఘటకం లేకపోతే తెలియని రాశి ఒకటి తగ్గుతుంది, దానితోపాటే దాని సమానత్వ సమీకరణం ఒకటి తగ్గుతుంది. తేడా మారదు. పట్టి చూడాలంటే మంచు, ఘన లవణం, ద్రావణం ఈ మూడూ కలిసి ఉన్న స్థితిని తీసుకోవచ్చు. తెలియని రాశులు మూడు: ఉష్ణోగ్రత, పీడనం, ద్రావణంలో ఉప్పు భాగం. షరతులు రెండు: నీటి పొటెన్షియల్ మంచులోనూ ద్రావణంలోనూ సమానం, లవణం విషయంలో ఘనరూపానికీ ద్రావణానికీ మధ్య అలాంటిదే మరొకటి. తేడా ఒకటి. సూత్రంలో C = 2, P = 3 పెట్టినా F = 1.

ముందు నీరు ఒక్కటే

ఉప్పు కలపకముందు నీటి సంగతి చూస్తే C = 1. నీరు ద్రవంగా మాత్రమే ఉంటే P = 1, F = 2. ఉష్ణోగ్రతనూ పీడనాన్నీ, కొంత పరిధిలో, దేనికది మార్చుకోవచ్చు. నీరు, ఆవిరి రెండూ కలిసి ఉంటే F = 1. అప్పుడు పీడనం చెబితే మరిగే ఉష్ణోగ్రత తేలిపోతుంది. ఒక వాతావరణ పీడనం దగ్గర అది 100 డిగ్రీల సెల్సియస్. పీడనం సుమారు 70 కిలోపాస్కళ్లకు తగ్గితే 90 డిగ్రీలకే నీరు మరుగుతుంది. మంట ఎంత పెంచినా మరుగుతున్న నీటి ఉష్ణోగ్రత పెరగదు. త్వరగా ఆవిరయ్యేది నీరే తప్ప డిగ్రీలు కదలవు.

మంచు, నీరు, ఆవిరి మూడూ ఒకచోట ఉంటే F = 0. దాన్నే నీటి త్రిక బిందువు అంటారు: 273.16 కెల్విన్లు, అంటే 0.01 డిగ్రీల సెల్సియస్, పీడనం సుమారు 611.7 పాస్కళ్లు. గాలి తీసేసి మూసిన గాజు పాత్రలో శుద్ధమైన నీటి మూడు రూపాలూ కనిపిస్తున్నాయంటే ఉష్ణోగ్రత ఎంతో కొలిచి చూడనక్కరలేదు. మంచు ఎక్కువున్నా తక్కువున్నా అదే విలువ. 1954 నుంచి 2019 మే దాకా కెల్విన్ నిర్వచనానికి ఈ బిందువునే వాడటానికి కారణం స్వాతంత్ర్య సంఖ్య సున్నా కావడమే. మనం సరిచేసి పెట్టాల్సినది ఏదీ లేనిచోట పొరపాటు పడటానికీ తావు తక్కువ.

ఉప్పునీటిని చల్లబరిస్తే

ఉప్పు కలపగానే C రెండు అవుతుంది. తెరిచిన పాత్రలో పని జరిగితే పీడనం బయటి వాతావరణానిదే, అది దాదాపు మారదు. పీడనాన్ని ఇలా బిగించేస్తే స్వాతంత్ర్యంలో ఒకటి ఖర్చయిపోతుంది. పైన ఉన్న గాలిని లెక్కలోకి తీసుకోకుండా, ద్రవ, ఘన ప్రావస్థలకే పరిమితమై F = C − P + 1 అని రాసుకోవచ్చు.

100 గ్రాముల ద్రావణంలో 10 గ్రాముల ఉప్పు, 90 గ్రాముల నీరు ఉన్నాయనుకుని దాన్ని నెమ్మదిగా చల్లబరిస్తే ఏం జరుగుతుందో అడుగడుగునా చూడవచ్చు. మొదట ద్రావణం ఒక్కటే. P = 1, F = 2. ఉష్ణోగ్రత, గాఢత రెండూ మన చేతిలోవే. సున్నా దాటినా గడ్డకట్టదు. సుమారు −6.6 డిగ్రీల దగ్గర మొదటి మంచు స్ఫటికం పుడుతుంది. ఆ మంచులో ఉప్పు ఉండదు, అది శుద్ధమైన నీరే.

మంచు పుట్టిన క్షణంనుంచి P = 2, F = 1. ఉష్ణోగ్రత, గాఢతల్లో ఏదో ఒక్కటే ఇక స్వతంత్రం. శుద్ధమైన నీరు గడ్డకట్టేటప్పుడు థర్మామీటర్ సున్నా దగ్గరే నిలిచిపోతుంది. ఇక్కడ అలా కాదు, మంచు కడుతున్నా ఉష్ణోగ్రత దిగుతూనే ఉంటుంది. నీరు మంచుగా విడిపోతున్నకొద్దీ మిగిలిన ద్రావణం చిక్కబడుతుంది, చిక్కబడిన ద్రావణం ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలోగాని గడ్డకట్టదు. ఉష్ణోగ్రత −16.5 డిగ్రీలకు చేరిందంటే ద్రావణంలో ఉప్పు దాదాపు 20 శాతం ఉన్నట్టే. 10 గ్రాముల ఉప్పూ ద్రవంలోనే ఉంది కాబట్టి ద్రవం 50 గ్రాములు, మంచు 50 గ్రాములు. ద్రావణం గాఢతను ఎవరూ కొలవలేదు, థర్మామీటర్ చూసి చెప్పగలిగాం. F = 1 అన్నదానికి ఆచరణలో అర్థం ఇదే.

చల్లబరుస్తూ పోతే −21.1 డిగ్రీల దగ్గర కథ మారుతుంది. అక్కడ ద్రావణంలో ఉప్పు 23.3 శాతానికి చేరుతుంది, రెండో ఘనపదార్థం పుట్టడం మొదలవుతుంది. అది మామూలు ఉప్పు కాదు, ఒక్కో ఉప్పు ప్రమాణంతో రెండేసి నీటి అణువులు కలిసిన NaCl·2H2O, దీని పేరు హైడ్రోహాలైట్. దీనివల్ల ప్రావస్థ ఒకటి పెరిగింది గాని అనుఘటకం పెరగలేదు, ఎందుకంటే ఉప్పు, నీరు అనే రెంటితోనే దాని సంఘటనం రాయవచ్చు. P = 3, F = 0. థర్మామీటర్ ఇక కదలదు. అప్పటికి మిగిలిన సుమారు 43 గ్రాముల ద్రవం పూర్తిగా గడ్డకట్టేదాకా అక్కడే నిలుస్తుంది. చివరి చుక్క గడ్డకట్టగానే ద్రవ ప్రావస్థ పోయి P మళ్లీ 2 అవుతుంది, F ఒకటి అవుతుంది, ఉష్ణోగ్రత మళ్లీ దిగుతుంది. ఈ నిలిచిపోయే బిందువును యుటెక్టిక్ అంటారు. ఉష్ణోగ్రతను కాలానికి ఎదురుగా గీస్తే, నిటారుగా దిగే గీత, ఆపై వాలు తగ్గిన గీత, ఆపై అడ్డగీత కనిపిస్తాయి. ఈ మూడింటి F విలువలు వరుసగా 2, 1, 0. గీత వంపు చూసి ప్రావస్థల సంఖ్యను పట్టుకునే ఈ పద్ధతితోనే లోహమిశ్రమాల పటాలు కూడా తయారయ్యాయి.

చేతితో తిప్పే ఐస్‌క్రీమ్ డబ్బా చుట్టూ మంచు ముక్కలు, కల్లుప్పు వేయడంలో ఉన్నదీ ఇదే బిందువు, ఎదురుదిశలో. మంచు, ఘన లవణం, ద్రావణం మూడూ కలిసి సమతాస్థితిలో ఉండగల ఉష్ణోగ్రత ఒక్కటే. అందుకే మిశ్రమం తనలోని మంచును కరిగించుకుంటూ, ఆ కరగడానికి కావలసిన వేడిని తననుంచీ చుట్టుపక్కలనుంచీ లాక్కుంటూ, −21 వైపు దిగుతుంది. బయటి వేడి ఎడతెగక లోపలికి చొరబడుతుంది కాబట్టి ఆచరణలో అంత లోతుకు చేరకపోవచ్చు. ఉప్పు చాలక పూర్తిగా కరిగిపోతే మాత్రం ఒక ప్రావస్థ పోయినట్టే. F మళ్లీ ఒకటవుతుంది, మంచు ఇంకా మిగిలి ఉన్నా ఉష్ణోగ్రత పైకి పాకడం మొదలవుతుంది. అడుగున ఉప్పు పలుకులు కనిపించడం లేదంటే ఇంకొంచెం ఉప్పు వేయాలని గుర్తు.

మూత బిగించిన సీసాలో తేమ

ఇదే ఉప్పునీటిని ఇంకో విధంగా వాడుకోవచ్చు. గాలి తీసేసిన సీసాలో అడుగున ఉప్పు, పైన సంతృప్త ద్రావణం, దానిపైన నీటి ఆవిరి ఉన్నాయనుకుంటే C = 2, P = 3, F = 1. ఉష్ణోగ్రత ఒక్కటి చెబితే ద్రావణం గాఢత, ఆవిరి పీడనం రెండూ తేలిపోతాయి. 25 డిగ్రీల దగ్గర ద్రావణంలో ఉప్పు 26.4 శాతం, ఆవిరి పీడనం సుమారు 2.4 కిలోపాస్కళ్లు. అదే ఉష్ణోగ్రతలో శుద్ధమైన నీటి ఆవిరి పీడనంలో ఇది 75.3 శాతం.

సీసాలో గాలి ఉంటే ఏమవుతుంది? గాలిని మారని ఒకే మిశ్రమంగా తీసుకుంటే ఒక అనుఘటకం పెరిగి C = 3 అవుతుంది, ప్రావస్థలు మూడే. F = 2. ఉష్ణోగ్రతతోపాటు మొత్తం పీడనం కూడా చెప్పాలి. అయితే మామూలు వాతావరణ పీడనాల్లో దాని ప్రభావం చాలా స్వల్పం. కాబట్టి తేమ 75.3 శాతం అన్న మాట నిలుస్తుంది. తేమను కొలిచే హైగ్రోమీటర్లను సరిచూడటానికి ప్రయోగశాలల్లో ఉప్పు ముద్ద ఉన్న సీసాను వాడేది ఇందుకే. 20 డిగ్రీల దగ్గర 75.5, 30 దగ్గర 75.1, అంటే గది కాస్త వేడెక్కినా పెద్దగా తేడా రాదు. ఉప్పు బదులు మెగ్నీషియం క్లోరైడ్ వాడితే 25 డిగ్రీల దగ్గర దాదాపు 33 శాతం తేమ వస్తుంది. విలువ మారింది గాని లెక్క మారలేదు.

ఇక్కడా పొరపాటు జరిగేది ప్రావస్థ ఒకటి పోయినప్పుడే. నీరు ఎక్కువైపోయి ఉప్పంతా కరిగితే P రెండుకు పడిపోతుంది, తేమ ద్రావణం గాఢతను బట్టి ఎటైనా పోవచ్చు. నీరు బొత్తిగా తక్కువై ద్రావణమే లేకపోయినా అంతే. అందుకే ద్రావణం తేటగా కనిపించకుండా తడిసిన ఉప్పు ముద్దలాగా ఉండేట్టు చూస్తారు. ముద్దలో ఉప్పెంత, నీరెంత అన్నది అక్కరలేదు. ప్రావస్థా నియమం పరిమాణాల ఊసెత్తదు, ప్రావస్థ ఉందా లేదా అన్నదే దానికి కావాలి.

ఉప్పు మడిలో హైడ్రోమీటర్ ఎందుకు కదులుతుంది

శ్రీకాకుళం జిల్లా నౌపడలోనూ, చినగంజాంలోనూ సముద్రపు నీటిని మడుల్లో ఎండబెట్టి ఉప్పు తీస్తారు. నీరు ఎంత చిక్కబడిందో చూడటానికి బామే డిగ్రీలు చూపే హైడ్రోమీటర్ వాడతారు. సముద్రపు నీరు మొదట 3 డిగ్రీల చుట్టూ ఉంటుంది, 25 దాటేసరికి ఉప్పు కట్టడం మొదలవుతుంది, 29–30 డిగ్రీలకు చేరాక మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేస్తారు.

ఉప్పు ఒకపక్క కడుతూనే ఉన్నా రీడింగు 25 నుంచి 30 దాకా పెరగడం ఎలా సాధ్యం? ఆ మడిలో శుద్ధమైన ఉప్పు, నీరు మాత్రమే ఉండి ఉంటే అలా జరగదు. ఉష్ణోగ్రత, పీడనం రెండూ బిగించాక లెక్క F = C − P. ద్రావణం, ఉప్పు స్ఫటికాలు కలిసి P = 2, C = 2, కాబట్టి F = 0. కిలో నీటిలో 360 గ్రాముల ఉప్పు కరిగించి, అందులో సగం నీటిని ఆవిరి చేస్తే 180 గ్రాముల ఉప్పు అడుగుకు చేరుతుంది, మిగిలిన ద్రావణం మాత్రం అణువంత కూడా చిక్కబడదు. సాంద్రత నీటికి 1.2 రెట్ల దగ్గరే ఉంటుంది. హైడ్రోమీటర్ చివరి గుక్కెడు నీటిదాకా ఒకే అంకె చూపిస్తుంది.

సముద్రపు నీటిలో మెగ్నీషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, పొటాషియం లవణాలు కూడా ఉన్నాయి. మెగ్నీషియం క్లోరైడ్ ఒక్కదాన్నే కలిపి చూసినా C = 3, F = 1. ఆ ఒక్క స్వాతంత్ర్యం ద్రావణంలో మెగ్నీషియం ఎంత ఉందన్నది. నీరు ఆవిరై, ఉప్పు విడిపోయి, మెగ్నీషియం ద్రావణంలోనే ఉండిపోతుంది. దాని పాలు పెరిగేకొద్దీ సాంద్రత పెరుగుతుంది. అంటే ఉప్పు కట్టడం మొదలయ్యాక హైడ్రోమీటర్ చూపేది ఉప్పు గాఢతను కాదు, పేరుకుపోతున్న మెగ్నీషియాన్ని. 30 డిగ్రీలు దాటి ఆగితే ఉప్పులోకి చేదు లవణాలు చేరతాయి. మడిలో ఆ అంకెకు విలువ వచ్చింది శుద్ధమైన ఉప్పునీటిలో లేని ఆ ఒక్క స్వాతంత్ర్యం వల్లే.

సల్ఫేట్‌ను కూడా కలిపితే లెక్కలో తప్పటడుగు పడే చోటు వస్తుంది. సోడియం క్లోరైడ్, సోడియం సల్ఫేట్, మెగ్నీషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, నీరు అని పేర్లు ఐదు. కాని ద్రావణంలో ఉన్నవి నాలుగు అయాన్లు, నీరు. ఆవేశాలు సరిపోవాలన్న ఒక షరతు వాటిమీద ఉంది. ఐదులో ఒకటి పోతే C = 4. మరోవిధంగా చూస్తే, ఒక జత లవణాలు అయాన్లు మార్చుకుంటే రెండో జత వస్తుంది, కాబట్టి నాలుగు లవణాల్లో మూడే స్వతంత్రం. పేర్లు చదివి C = 5 అనుకున్నవారు ఎక్కడో ఒకచోట లేని ఘనపదార్థం కోసం వెతుకుతారు.

సున్నం బట్టీలో ఒక షరతు, గాజు గొట్టంలో మరొకటి

రసాయన చర్య జరిగేచోట అనుఘటకాలను లెక్కపెట్టడానికి సున్నపురాయి మంచి ఉదాహరణ. పల్నాడు జిల్లా పిడుగురాళ్ల సున్నం బట్టీలకు పేరున్న ఊరు. అక్కడ జరిగేది సున్నపురాయి CaCO3 వేడికి విడిపోయి సున్నం CaO, కార్బన్ డయాక్సైడ్ వాయువు కావడం. రకాలు మూడు, చర్య ఒకటి, C = 2. రాయి, సున్నం అనే రెండు ఘనాలు, ఒక వాయువు కలిసి P = 3. F = 1. అంటే ఒక ఉష్ణోగ్రతలో, రాయీ సున్నమూ రెండూ ఉన్నంతసేపు, సమతాస్థితిలో వాయువు పీడనం ఒక్కటే. 800 డిగ్రీల దగ్గర అది వాతావరణ పీడనంలో నాలుగో వంతుకు కాస్త తక్కువ, 900 డిగ్రీల చుట్టూ వాతావరణ పీడనాన్ని అందుకుంటుంది. రాయిలో పదో వంతు కాలినా, తొమ్మిది వంతులు కాలినా పీడనం మారదు. బట్టీలోంచి వాయువు బయటికి పోతూ ఉంటుంది కాబట్టి సమతాస్థితి ఎప్పటికీ కుదరదు, చర్య పూర్తిదాకా సాగుతుంది. కాలిన సున్నం చేతికి వచ్చేది అందుకే.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: శుద్ధమైన రాయితో మొదలుపెడితే సున్నం, వాయువు సమాన మోల్‌లలో వస్తాయి కదా, ఆ షరతును కూడా తీసివేయాలి కదా? తీయకూడదు. సున్నం ఒక ప్రావస్థలో, వాయువు మరో ప్రావస్థలో ఉన్నాయి. వాటి మోల్‌లు సమానమైతే ఏ ప్రావస్థ గాఢతమీదా దాని ప్రభావం లేదు. అమ్మోనియం క్లోరైడ్‌ను ఖాళీ గొట్టంలో వేడిచేస్తే పరిస్థితి వేరు. అది విడిపోగా వచ్చే అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ రెండూ ఒకే వాయు ప్రావస్థలో సమానంగా ఉంటాయి. ఇది గాఢతలమధ్య నిజమైన షరతు. రకాలు మూడు, చర్య ఒకటి, షరతు ఒకటి, C = 1. ఘనం, వాయువు కలిసి P = 2, F = 1. అదే గొట్టంలో కాస్త అమ్మోనియా విడిగా పోస్తే ఆ సమానత్వం పోయి C = 2, F = 2 అవుతుంది. గొట్టంలోని రకాలు మారలేదు, వాటిని బంధించిన షరతు మాత్రం తెగింది.

నియమం ఎక్కడ ఆగుతుంది

ప్రావస్థా నియమం సమతాస్థితికి మాత్రమే చెల్లుతుంది. ఉప్పునీటిని కదపకుండా చల్లబరిస్తే గడ్డకట్టవలసిన ఉష్ణోగ్రతకు కొన్ని డిగ్రీలు కిందికి దిగినా ద్రవంగానే ఉండిపోవచ్చు. అప్పుడు పుట్టాల్సిన ప్రావస్థ ఇంకా పుట్టలేదు. చిన్న కుదుపుకో, ఒక మంచు పలుకు తగలడంతోనో గడ్డకట్టడం మొదలై థర్మామీటర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. అలా లేచిందంటే అంతకుముందున్నది నిజమైన సమతాస్థితి కాదని తెలుస్తుంది. వేగం గురించి కూడా నియమం ఏమీ చెప్పదు. ఒక మార్పు క్షణంలో జరుగుతుందా, ఏళ్లు పడుతుందా అన్నది దాని పరిధిలోకి రాదు.

చివరి 2 కూడా ఎల్లప్పుడూ రెండే కాదు. ఉష్ణోగ్రత, పీడనం తప్ప బయటినుంచి మరేదీ పనిచేయడం లేదని, పీడనం అంతటా ఒక్కటేనని అనుకుని వేసినది అది. నీటిని మాత్రమే పోనిచ్చే పొరకు ఒకపక్క ఉప్పునీరు, మరోపక్క మంచినీరు ఉంటే రెండువైపులా పీడనాలు వేరు, కాబట్టి 2 బదులు 3 వేయాలి. కణాలు అతి సూక్ష్మమైతే వాటి పరిమాణం కూడా ఒక చలరాశి అవుతుంది.

F ఎన్నటికీ సున్నాకంటే తక్కువ కాలేదు కాబట్టి, సమతాస్థితిలో కలిసి ఉండగల ప్రావస్థలు C + 2 కి మించవు. ఉప్పు, నీటి విషయంలో ఆ పరిమితి నాలుగు: మంచు, హైడ్రోహాలైట్, ద్రావణం, ఆవిరి కలిసి −21.1 డిగ్రీల చుట్టూ, సుమారు 93 పాస్కళ్ల పీడనం దగ్గర ఉండగలవు. అంతకంటే ఎక్కువ ప్రావస్థలు కనిపించి F ఋణసంఖ్య వచ్చిందంటే నియమాన్ని అనుమానించనక్కరలేదు. వ్యవస్థ ఇంకా సమతాస్థితికి చేరి ఉండదు, లేదా అనుఘటకాల్లో ఒకటి లెక్కకు రాకుండా పోయి ఉంటుంది. ముందు వాటినే చూసుకోవాలి.